స్టేట్-వేరియబుల్ ఫిల్టర్ ప్రాజెక్టు డైరీ: ఒకే లూపులో మూడు ఔట్‌పుట్‌లు, పైకి వెళ్తే పెరిగిపోయే క్యూ

శుక్రవారం రాత్రి, కాగితం మీద

ఈసారి మొదలుపెట్టింది స్టేట్-వేరియబుల్ ఫిల్టర్. నాకు కావాల్సింది మృదంగం రికార్డింగుల్లో ఒక్కో ఫ్రీక్వెన్సీ ముక్కని విడదీసి వినడానికి ఒక చిన్న డబ్బా, ఒక నాబ్ తిప్పితే ఫ్రీక్వెన్సీ మారాలి, ఇంకో నాబ్ తిప్పితే క్యూ, అంటే ఆ ముక్క ఎంత సన్నగా ఉండాలన్నది మారాలి, ఒకటి తిప్పినప్పుడు రెండోది కదలకూడదు. ఈ ఆఖరి కండిషన్ వల్లే సాలెన్-కీ పక్కకి పోయింది. ఒక్క ఆప్-ఆంప్‌తో పనైపోతుంది నిజమే, కానీ అందులో క్యూ మార్చబోతే గెయినో ఫ్రీక్వెన్సీయో ఏదో ఒకటి వెంట వస్తుంది, పైగా ఒక సర్క్యూట్‌కి ఒకటే ఔట్‌పుట్.

స్టేట్-వేరియబుల్‌ని కెర్విన్, హ్యూల్స్‌మన్, న్యూకోమ్ అనే ముగ్గురు 1967లో పేపర్‌గా రాశారు, అందుకే వాళ్ళ ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో కేహెచ్ఎన్ అని కూడా అంటారు. లోపల ఉన్నది మూడే బ్లాకులు. మొదట ఒక సమ్మింగ్ ఆంప్, దాని ఔట్‌పుట్టే హై-పాస్. దాన్ని ఒక ఇంటిగ్రేటర్‌లోకి పంపిస్తే బ్యాండ్-పాస్ వస్తుంది, దాన్ని ఇంకో ఇంటిగ్రేటర్‌లోకి పంపిస్తే లో-పాస్ వస్తుంది. ఇప్పుడు లో-పాస్‌ని, బ్యాండ్-పాస్‌ని రెండింటినీ వెనక్కి తెచ్చి సమ్మింగ్ ఆంప్‌లో కలిపేయడమే.

వెనక్కి వచ్చే ఈ రెండు దారులు చేసే పనులు వేరు. లో-పాస్ దారి ఒక్కటే ఉంటే లూపు ఆగకుండా ఊగుతూ ఉంటుంది, అంటే ఆసిలేటర్ అన్నమాట. బ్యాండ్-పాస్ దారి దానికి బ్రేకు, ఎంత ఎక్కువ వెనక్కి తెస్తే ఊగడం అంత తొందరగా ఆగుతుంది, అంటే క్యూ అంత తక్కువ. ఫ్రీక్వెన్సీని ఇంటిగ్రేటర్ల ఆర్, సీ నిర్ణయిస్తాయి, క్యూని ఈ బ్రేకు ఎంత నొక్కామన్నది నిర్ణయిస్తుంది, రెండూ వేరే వేరే రెసిస్టర్లు కాబట్టి ఒకటి మారిస్తే రెండోది కదలదు.

నేను వాడుతున్న వైరింగ్‌లో ఇన్‌పుట్ ఒక 10కే గుండా, లో-పాస్ ఇంకో 10కే గుండా సమ్మింగ్ ఆంప్ మైనస్ పిన్‌కి వెళ్తాయి, ఫీడ్‌బ్యాక్ కూడా 10కేనే. బ్యాండ్-పాస్ మాత్రం Ra, Rb అనే డివైడర్ గుండా ప్లస్ పిన్‌కి వస్తుంది.

```
n  = 1 + Ra/Rb
HP = -Vin - LP + (3/n)*BP
BP = -HP / (sRC)
LP = -BP / (sRC)

f0 = 1 / (2*pi*R*C)
Q  = n / 3
```

ఆ 3 ఎక్కడిదంటే, మైనస్ పిన్ దగ్గర ఇన్‌పుట్‌వి రెండు 10కేలు, ఫీడ్‌బ్యాక్‌ది ఒక 10కే ఉన్నాయి కాబట్టి ప్లస్ పిన్ నుంచి చూస్తే గెయిన్ మూడు. ఇది గుర్తుపెట్టుకోండి, కింద మళ్ళీ పనికొస్తుంది.

వాల్యూస్: సీ 10 నానోఫారడ్, ఆర్ 16కే (15కే, 1కే సిరీస్‌లో), అంటే సుమారు 1 కిలోహెర్ట్జ్. Rb 1కే, Ra స్థానంలో 1.1కే ఫిక్స్‌డ్, దానికి సిరీస్‌లో 47కే లీనియర్ పాట్. పాట్ ఒక చివర క్యూ 0.70, ఇంకో చివర 16.4.

శనివారం, కోఠి

గుజరాతీ గల్లీలో టీఎల్074లు, సాకెట్లు, మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు ఈజీగా దొరికాయి, కాస్త ఆగాల్సి వచ్చింది కెపాసిటర్ల దగ్గరే. "అన్నా, 103 బాక్స్ టైప్ ఉన్నయా?" అంటే "డిస్క్ తీస్కో తమ్మీ, అదే వాల్యూ, సస్తా" అని సిరామిక్ డిస్క్‌లు చేతిలో పెట్టబోయారు. వాల్యూ అదే, కానీ ఇంటిగ్రేటర్‌లో అవి పెట్టకూడదు. 10 నానో సైజులో దొరికే డిస్క్‌లు ఎక్కువగా హై-కె సిరామిక్, వోల్టేజ్ పెరిగితే కెపాసిటెన్స్ మారుతుంది, వేడెక్కినా మారుతుంది. ఈ సర్క్యూట్‌లో కెపాసిటర్ మీద పూర్తి సిగ్నల్ వోల్టేజ్ ఉంటుంది కాబట్టి అది సూటిగా డిస్టార్షన్‌గా బయటికొస్తుంది. 103J అని ముద్ర ఉన్న పోలియస్టర్ బాక్స్ టైప్ వెతికించి గుప్పెడు తెచ్చాను, జె అంటే 5 శాతం. ఇంటికొచ్చి మీటర్‌తో కొలిచి దగ్గర దగ్గరగా ఉన్న జత తీస్తే ఒకటి 9.9, ఇంకోటి 9.8 నానో వచ్చింది. రెండూ కలిపి లెక్కేస్తే సెంటర్ ఫ్రీక్వెన్సీ 1010 హెర్ట్జ్ రావాలి.

ఆదివారం పొద్దున, బ్రెడ్‌బోర్డ్

టీఎల్074లో నాలుగు ఆప్-ఆంప్‌లు ఉంటాయి, మూడు ఫిల్టర్‌కి పోతే మిగిలినది ఇన్‌పుట్ బఫర్. ఇది ఊరికే మిగిలింది కదా అని పెట్టింది కాదు. పైన చెప్పిన ఆ 3 లో ఇన్‌పుట్ రెసిస్టర్‌కి కూడా వాటా ఉంది. వాల్యూమ్ పాట్‌ని నేరుగా తగిలిస్తే పాట్ రెసిస్టెన్స్ ఆ 10కేకి కలుస్తుంది, ఆ 3 తగ్గుతుంది, క్యూ పెరుగుతుంది. ఇన్‌పుట్ వైరు పూర్తిగా పీకేస్తే 3 కాస్తా 2 అయిపోతుంది, 16.4 ఉండాల్సిన క్యూ 24.6కి వెళ్తుంది. అంటే సోర్స్ మారినప్పుడల్లా ఫిల్టర్ క్యారెక్టర్ మారుతుంది, బఫర్ పెడితే ఆ గొడవ ఉండదు. లెవెల్ పాట్ బఫర్‌కి ముందు ఉండాలి.

సప్లై ప్లస్ మైనస్ 12 వోల్టులు, 4వ పిన్ ప్లస్, 11వ పిన్ మైనస్, రెండింటి పక్కనే గ్రౌండ్‌కి చెరో 100 నానో.

సిగ్నల్ ఇచ్చే ముందు ఇన్‌పుట్‌ని గ్రౌండ్ చేసి మల్టీమీటర్‌తో మూడు ఔట్‌పుట్‌ల డీసీ చూశాను, మూడూ జీరో చుట్టూ కొన్ని మిల్లీవోల్టులే. ఈ చెకప్‌కి నిమిషం కూడా పట్టదు కానీ చాలా చెప్తుంది. ఇంటిగ్రేటర్‌కి సొంతంగా డీసీ ఫీడ్‌బ్యాక్ లేదు, దాన్ని జీరో దగ్గర పట్టి ఉంచేది బయట తిరిగే లూపే, కాబట్టి లో-పాస్ నుంచి సమ్మింగ్ ఆంప్‌కి వచ్చే వైరు ఎక్కడైనా తెగి ఉంటే ఔట్‌పుట్ నెమ్మదిగా పాకుతూ 10 వోల్టుల దాకా వెళ్ళి అక్కడే అతుక్కుపోతుంది. మీటర్‌లో 10 వోల్టులు కనిపిస్తే ఐసీ మార్చడం కాదు, ముందు ఆ వైరు చూడాలి.

ఆదివారం సాయంత్రం, స్కోప్ ముందు

సెంటర్ ఫ్రీక్వెన్సీ కొలవడానికి పీక్ ఎక్కడుందా అని వెతకడం నాకు ఇష్టం ఉండదు, క్యూ తక్కువున్నప్పుడు పీక్ చదునుగా ఉంటుంది, ఎక్కడని ఆగుతాం. ఈ ఫిల్టర్‌లో దానికంటే మంచి దారి ఉంది, ఫేజ్. సెంటర్ దగ్గర బ్యాండ్-పాస్ ఇన్‌పుట్‌తో సరిగ్గా ఒకే ఫేజ్‌లో ఉంటుంది. స్కోప్‌ని ఎక్స్-వై మోడ్‌లో పెట్టి ఎక్స్‌కి ఇన్‌పుట్, వైకి బ్యాండ్-పాస్ ఇస్తే మామూలుగా వాలిన కోడిగుడ్డు ఆకారం కనిపిస్తుంది, జనరేటర్ ఫ్రీక్వెన్సీ జరుపుతుంటే అది సన్నబడుతూ వచ్చి ఒక చోట గీతగా మూసుకుపోతుంది. అదే సెంటర్. నాది 1008 దగ్గర మూసుకుంది, లెక్క 1010, ఇంతకంటే ఏం కావాలి.

ఇప్పుడు ఎక్స్‌కి హై-పాస్, వైకి లో-పాస్ ఇచ్చాను. ఇది చూసి తీరాల్సింది. ఈ రెండింటి మధ్య రెండు ఇంటిగ్రేటర్లు ఉన్నాయి, ఒక్కోటి 90 డిగ్రీలు, మొత్తం 180, అది ఫ్రీక్వెన్సీతో మారదు. అందుకని జనరేటర్‌ని ఎక్కడికి తిప్పినా తెర మీద గీతే ఉంటుంది, ఎడమకి వాలిన గీత, ఫ్రీక్వెన్సీ పెంచితే పడుకుంటుంది, తగ్గిస్తే నిలబడుతుంది, సెంటర్ దగ్గర సరిగ్గా 45 డిగ్రీలు. ఇంటిగ్రేటర్లు ఆరోగ్యంగా ఉన్నాయా లేదా అన్నదానికి ఇదే టెస్ట్: గీత విచ్చుకుని గుడ్డులా అయిందంటే కెపాసిటర్ లీకవుతోంది, లేదా ఆప్-ఆంప్ స్పీడు సరిపోవట్లేదు. ఇంకో లాభం కూడా, సెంటర్ దగ్గర ఇవి సమానంగా, ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి రెండు సమాన రెసిస్టర్లతో కలిపితే అక్కడ సున్నా, నాచ్ ఫిల్టర్ ఫ్రీగా వచ్చినట్టే.

క్యూ కోసం 20 హెర్ట్జ్ స్క్వేర్ వేవ్ ఇచ్చి బ్యాండ్-పాస్ చూశాను. ప్రతి అంచుకీ ఫిల్టర్ ఒకసారి మోగి నెమ్మదిగా చల్లారుతుంది. ఆ మోతలో ఎన్ని సైకిల్స్ గడిస్తే ఎత్తు మొదటిదాంట్లో 4 శాతానికి పడుతుందో ఆ అంకే దాదాపుగా క్యూ. పాట్ ఫుల్ పెడితే 16, 17 సైకిల్స్ దగ్గర పడింది, పాట్ వెనక్కి తిప్పుతుంటే మోత పొట్టిదవుతుంది కానీ ఒక్కో సైకిల్ వెడల్పు అలాగే ఉంది. ఫ్రీక్వెన్సీ కదలట్లేదని కళ్ళెదురుగా కనిపించడం అంటే ఇదే. (0.70 దగ్గర మోత ఉండదు, ఒక చిన్న బుడిపె అంతే.)

మంగళవారం, క్లిప్పింగ్ ఎక్కడ దాక్కుంటుంది

క్యూ ఎక్కువ పెట్టి వింటుంటే కొన్ని దెబ్బల దగ్గర లో-పాస్ గొంతు మారుతోంది, గట్టిగా కాదు, కొంచెం నలిగినట్టు. స్కోప్‌లో లో-పాస్ చూస్తే మాత్రం సైన్ వేవ్ శుభ్రంగానే ఉంది.

లెక్క చూడండి. ఈ వైరింగ్‌లో లో-పాస్ గెయిన్ ఒకటి, హై-పాస్ గెయిన్ ఒకటి, అని అందరం రాసుకుంటాం. సెంటర్‌కి దూరంగా ఉన్నప్పుడు అది నిజం. సెంటర్ దగ్గర మాత్రం మూడు ఔట్‌పుట్‌ల గెయినూ క్యూకి సమానం. క్యూ 16.4 ఉంటే 0.8 వోల్ట్ పీక్ ఇచ్చినా లోపల 13 వోల్టులు రావాలి, 12 వోల్టుల సప్లై మీద టీఎల్074 పదిన్నర చుట్టుపక్కలే ఆగిపోతుంది. సెంటర్‌కి కొంచెం పైన హై-పాస్ మిగతా రెండింటికంటే పెద్దగా ఉంటుంది కాబట్టి అక్కడ ముందు తల తెగేది దానిదే.

అలా తెగిన వేవ్ తర్వాత రెండు ఇంటిగ్రేటర్లలోంచి వెళ్తుంది. తల తెగితే పుట్టే మూడో హార్మోనిక్ మొదటి ఇంటిగ్రేటర్‌లో మూడో వంతు అవుతుంది, రెండోదాంట్లో తొమ్మిదో వంతు. అందుకే లో-పాస్ దగ్గర స్కోప్‌కి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, చెవికి మాత్రం తెలుస్తుంది. హై-పాస్ మీద ప్రోబ్ పెట్టగానే చదునుగా తెగిన తలలు కనిపించాయి. ఇన్‌పుట్ లెవెల్ 0.5 వోల్ట్ పీక్‌కి దించితే లోపల 8.2, మూడూ శుభ్రం.

నాకు దీన్నుంచి వచ్చిన రూలు ఏంటంటే, మీరు వాడేది లో-పాస్ ఒక్కటే అయినా ఓవర్‌లోడ్ ఎల్ఈడీని హై-పాస్‌కీ బ్యాండ్-పాస్‌కీ పెట్టాలి. ఫైనల్ బోర్డులో అలాగే పెడుతున్నాను.

గురువారం, పది కిలోహెర్ట్జ్

ఇప్పుడు అసలు చూడాలనుకున్నది. రెండు 10 నానోలు తీసేసి 1 నానోలు పెట్టాను, సెంటర్ 10 కిలోహెర్ట్జ్‌కి వెళ్తుంది, క్యూ రెసిస్టర్లు ముట్టుకోలేదు కాబట్టి ఫార్ములా ప్రకారం 16.4 అలాగే ఉండాలి. 100 హెర్ట్జ్ స్క్వేర్ ఇచ్చి మోత లెక్కపెడితే 22, 23 సైకిల్స్ దాకా పోతోంది.

పార్టుల తేడా అనుకోవడానికి లేదు, ఇది ఆప్-ఆంప్ చేసే పని. మనం రాసుకున్న లెక్క ఆప్-ఆంప్ అనంతమైన స్పీడు అనుకుని రాసింది. నిజంగా దానికి గెయిన్-బ్యాండ్‌విడ్త్ అని ఒక హద్దు ఉంది, టీఎల్074కి 3 మెగాహెర్ట్జ్. దాని వల్ల ప్రతి స్టేజిలో సిగ్నల్ ఒక్క రవ్వ ఆలస్యమవుతుంది. ఇంటిగ్రేటర్లకి చెరో వాటా, సమ్మింగ్ ఆంప్‌కి గెయిన్ మూడు కాబట్టి మూడు వాటాలు, మొత్తం ఐదు. ఈ ఆలస్యం సరిగ్గా బ్రేకుకి ఎదురు దిశలో పనిచేస్తుంది.

```
1/Q_real = 1/Q - 5*f0/GBW

TL074, 10 kHz : 0.061 - 0.0167 = 0.044  ->  Q ~ 22.6
TL074,  1 kHz : 0.061 - 0.0017 = 0.059  ->  Q ~ 16.9
LM324, 10 kHz : 0.061 - 0.05   = 0.011  ->  Q ~ 91
```

ఆఖరి లైను చెక్ చేయడం చాలా ఈజీ, ఎల్ఎం324కీ టీఎల్074కీ పిన్‌లు ఒకటే, సాకెట్‌లోంచి ఒకటి తీసి ఇంకోటి గుచ్చితే చాలు. దాని గెయిన్-బ్యాండ్‌విడ్త్ సుమారు 1 మెగాహెర్ట్జ్. గుచ్చి చూస్తే మోత తర్వాతి అంచు వచ్చేదాకా కూడా చల్లారట్లేదు, ఒక మోత మీద ఇంకో మోత ఎక్కుతోంది, సెంటర్ కూడా కాస్త కిందికి జరిగింది. క్యూ పాట్ ఇంకొంచెం పెద్దది పెట్టుకుని ఉంటే, అంటే క్యూ 20 అడిగి ఉంటే, ఆ లెక్కలో బ్రేకు పూర్తిగా సున్నా, ఇన్‌పుట్ లేకుండానే మోగుతూ కూర్చునేది. "ఫిల్టర్ కడితే ఆసిలేటర్ అయింది" అని వినే కేసుల్లో చాలావాటికి కారణం ఇదే, వైరింగ్ మొత్తం కరెక్ట్‌గా ఉన్నా ఇలా జరుగుతుంది. ఇదో కాదో తేల్చుకోవాలంటే పెద్ద కెపాసిటర్లు పెట్టి ఫ్రీక్వెన్సీ పదోవంతుకి దించి చూడండి, కింద బుద్ధిగా ఉండి పైన మాత్రమే ఎగిరితే ఆప్-ఆంప్ ఆలస్యమే.

శనివారం, 270 ఓమ్‌ల మందు

ఫాస్ట్ ఆప్-ఆంప్ కొనడం ఒక దారి. నాకు నచ్చింది రెండో దారి, పైసల్లో అయిపోతుంది: ఇంటిగ్రేటర్ కెపాసిటర్‌కి సిరీస్‌లో ఒక చిన్న రెసిస్టర్. అది ఫేజ్‌ని కొంచెం ముందుకి తోస్తుంది, ఆప్-ఆంప్ వెనక్కి లాగినంత ఇది ముందుకి తోస్తే రెండూ కొట్టుకుపోతాయి.

```
Rs*C = 5 / (2*pi*GBW)
C = 1 nF , GBW = 3 MHz  ->  Rs = 265 ohm
C = 10 nF               ->  Rs = 26.5 ohm
```

టీఎల్074 మళ్ళీ గుచ్చి రెండో ఇంటిగ్రేటర్‌లో 1 నానోకి సిరీస్‌లో 270 ఓమ్స్ పెట్టాను. మోత మళ్ళీ 16 సైకిల్స్‌కి వచ్చేసింది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఫార్ములాలోనే ఉంది, అందులో సెంటర్ ఫ్రీక్వెన్సీ లేదు చూడండి. ఆప్-ఆంప్ ఆలస్యం ఫ్రీక్వెన్సీతో పెరుగుతుంది, ఈ రెసిస్టర్ ఇచ్చే తోపు కూడా అదే లెక్కన పెరుగుతుంది. కాబట్టి కెపాసిటర్‌ని అలాగే ఉంచి ఆర్ నాబ్‌తో ఫ్రీక్వెన్సీ తిప్పినంత మేరా ఆ ఒక్క 270 సరిపోతుంది. ఆర్‌ని 8.2కేకి మార్చి 19 కిలోహెర్ట్జ్ దగ్గర చూశాను, అక్కడా మోత దాదాపు అంతే. ఐసీ ఐసీకి గెయిన్-బ్యాండ్‌విడ్త్ కొంచెం మారుతుంది కాబట్టి నూటికి నూరు పాళ్ళు కొట్టుకుపోదు, కానీ 22ని 16 దగ్గరికి తేవడానికి చాలు.

రేంజ్ స్విచ్ విషయంలో కూడా దీనివల్ల ఒక సుఖం ఉంది. రెండో ఇంటిగ్రేటర్‌లో ఒక్కో కెపాసిటర్‌కి దాని సొంత రెసిస్టర్‌ని అతికించి (10 నానోకి 27, 1 నానోకి 270) ఆ జతని మొత్తంగా స్విచ్‌తో మారిస్తే సరి, వేరే సర్దుబాటు ఏమీ అక్కర్లేదు.

ఆదివారం, నాబ్ పెట్టాక

16కేల బదులు డ్యుయల్-గ్యాంగ్ 100కే లాగ్ పాట్, ఒక్కో సెక్షన్‌కి సిరీస్‌లో 4.7కే. 10 నానోలతో 152 హెర్ట్జ్ నుంచి 3.4 కిలోహెర్ట్జ్ దాకా వస్తుంది. లాగ్ పాట్ పెట్టడం వల్ల ఫ్రీక్వెన్సీలు డయల్ మీద సమంగా పరుచుకుంటాయి, కాకపోతే ఎడమకి తిప్పితే పెరుగుతుంది, దానికి అలవాటు పడాల్సిందే.

చవక పాట్‌లలో రెండు సెక్షన్లూ ఒకేలా తిరగవు. నడిమధ్యలో పెట్టి కొలిస్తే ఒకటి 21కే, ఇంకోటి 25.5కే. 4.7కేలు కలుపుకుని చూస్తే సెంటర్ ఫ్రీక్వెన్సీ రెండింటి మధ్యలో 570 దగ్గర సర్దుకుంటుంది, క్యూ మాత్రం మొదటి ఇంటిగ్రేటర్ ఆర్‌సీని రెండోదాంతో భాగించి వర్గమూలం తీసినంత మారుతుంది, అంటే 16.4 కాస్తా 15.1. రెండు సెక్షన్ల వైర్లు అటూ ఇటూ మారిస్తే 17.8 అవుతుంది. 8 శాతం తేడా చెవికి అందదు, అలాగే వదిలేశాను. కొలత పరికరం చేస్తున్నవాళ్ళు మాత్రం దీన్ని వదలకూడదు, స్విచ్‌తో మారే 1 శాతం రెసిస్టర్ జతలు పెట్టుకోవాలి.

ఇక మృదంగం. బ్యాండ్-పాస్‌ని 200 హెర్ట్జ్ దగ్గర పెట్టి క్యూ ఫుల్ చేస్తే ప్రతి దెబ్బకీ ఫిల్టరే మోగుతోంది. 16 సైకిల్స్ అంటే 200 హెర్ట్జ్ దగ్గర 80 మిల్లీసెకన్లు, వేగంగా వాయించే తీర్మానంలో తర్వాతి దెబ్బ వచ్చేసరికి ముందుదాని మోత ఇంకా ఉంటోంది, వినిపించేది మృదంగం కాదు, నా సర్క్యూట్. క్యూని 3కి దించితే మోత 15 మిల్లీసెకన్లలో అయిపోతుంది, దెబ్బలు విడివిడిగా వినపడతాయి, ఎడమ వైపు తొప్పి గుమ్మని వచ్చేది కూడా కుడి వైపు నాదం నుంచి బాగానే విడిపోతోంది. పైన 2 కిలోహెర్ట్జ్ దాటాక మాత్రం క్యూ 10 పెట్టినా ఇబ్బంది లేదు, అక్కడ సైకిల్స్ పొట్టివి.

అందుకని క్యూ నాబ్ దగ్గర గుర్తులు మార్చాను. లీనియర్ పాట్‌తో 0.7 నుంచి 4 దాకా ఉన్న పనికొచ్చే భాగం మొత్తం నాబ్ మొదటి పావులోనే ఇరుక్కుంటోంది, ఇదే 47కేని లాగ్‌లో పెడితే సగం పైగా తిరుగుడు ఆ భాగానికే దొరుకుతుంది. పీసీబీలో వెళ్ళేది అదే, హై-పాస్, బ్యాండ్-పాస్‌ల మీద ఓవర్‌లోడ్ ఎల్ఈడీలు, కెపాసిటర్లకి 27, 270 ఓమ్‌ల జతలు. లేఅవుట్ సగం అయింది.